బెల్టు బకిల్ వెనక అక్షరాలకు లోతు లేదు, కొక్కెం దగ్గర పూత పోయింది: అసలుదేనా?

పానగల్లు రవి
అందరికీ నమస్కారం. దుబాయ్‌లో పని మానుకుని నల్లగొండకు వచ్చేసిన ఒకాయన దగ్గర వాడిన హెర్మెస్ బెల్టు తీసుకున్నాను, ఫ్రెంచి కంపెనీది. నల్ల తోలు, ఇంగ్లీషు 'హెచ్' ఆకారంలో వెండి రంగు బకిల్. 18,000 రూపాయలు ఇచ్చాను. ఆదివారంలోగా తిరిగి ఇచ్చేస్తే డబ్బు వాపసు ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు. బిల్లు ఉందట, వెతికి పంపిస్తానంటున్నాడు.

నా అనుమానాలు రెండు. బకిల్ వెనక కంపెనీ పేరు చెక్కి ఉంది కానీ, గోరుతో గీకి చూస్తే ఏమీ తగలడం లేదు. అంటే లోతే లేదన్నమాట. రెండోది, బెల్టు రంధ్రంలోకి దూరే కొక్కెం కింద వెండి రంగు పోయి పసుపుపచ్చగా కనిపిస్తోంది. గడియారం సెంటర్ దగ్గర ఒక దుకాణంలో చూపిస్తే, చేతిలోకి కూడా తీసుకోకుండానే 'నకిలీ' అనేశారు. తోలు సంగతి వదిలేయండి, అది నాకు కొంత తెలుసు. లోహం చూసి ఎలా తేల్చాలో చెప్పగలరా?

పాలమూరు మల్లేశ్
రవి అన్నా, ఇందులో తేల్చడానికేమీ లేదు. అసలు కంపెనీ అక్షరాలు లోతుగా చెక్కుతుంది. నకిలీవాడు పైపైన గీస్తాడు. గోరుకు తగలలేదంటే సగం తేలిపోయినట్టే. ఇక అంత ఖరీదు పెట్టి కొన్న వస్తువుకు పూత పోతుందా? నా దగ్గర ఒక విదేశీ గడియారం ఉంది. పన్నెండేళ్లయినా మెరుపు తగ్గలేదు. ఆదివారం దాకా ఆగకుండా రేపే ఇచ్చేయండి.

స్వర్ణలత (హాలియా)
మల్లేశ్ గారూ, మీ గడియారం స్టీలుదైతే దానికి పూతే ఉండదు, ఇక పోయేదేముంది.

రవి గారూ, నేను బాలానగర్‌లో లోహపు పూతల యూనిట్‌లో తనిఖీ విభాగంలో పనిచేస్తాను. మా దగ్గరికి బకిళ్లు, బ్యాగుల గొళ్లాలు, తలుపుల పిడులు వస్తుంటాయి. బ్రాండ్ల మీద నాకు పెద్ద పట్టు లేదు, వస్తువు ఎలా తయారైందో మాత్రం చెప్పగలను.

ముందు గోరు సంగతి. గోరు అంచు అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. బకిల్ వెనక అక్షరాల గీత వెడల్పు సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. గీత ఎంత లోతున్నా గోరు అందులోకి దిగదు. కాబట్టి ఆ పరీక్షను పక్కన పెట్టండి.

లోతు కొలవాలంటే నీడను వాడండి. చీకటి గదిలో బకిల్‌ను బోర్లా పెట్టి, ఒక పక్క నుంచి ఫోను టార్చిని సుమారు 45 డిగ్రీల వాలులో పట్టుకోండి. ఆ వాలులో వెలుగు పడినప్పుడు గీత గోడ వేసే నీడ వెడల్పు, గీత లోతుతో సమానం. పక్కనే స్టీలు స్కేలు పెట్టి, ఇంకో ఫోనుతో బాగా దగ్గరగా ఫొటో తీయండి. ఫొటో పెద్దది చేసి చూస్తే గీతలో ఎంత భాగం నీడలో ఉందో తెలుస్తుంది.

అయితే లోతు ఎంతన్నది నాకు అంత ముఖ్యం కాదు. పోతపోసే అచ్చులోనే అక్షరాలు పెట్టుకుంటే నకిలీవాడు ఎంత లోతైనా తెచ్చుకోగలడు, అదనంగా పైసా ఖర్చు కాదు. నిజానికి చౌక బకిళ్ల మీదే అక్షరాలు లావుగా, లోతుగా ఉండటం ఎక్కువగా చూశాను. నాకు కావాల్సింది గీత గోడ, గీత అడుగు, అడుగు రంగు. ఆ మూడూ కనబడేలా ఫొటోలు పెట్టండి. కొక్కెం ఫొటో కూడా.

వనపర్తి మాస్టారు
బెల్టు బిళ్ళల గురించి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా తాతగారు నిజాం ప్రభుత్వంలో పోలీసు జవాను. 1948కి ముందు నాటి ఆయన బెల్టు బిళ్ళ మా ఇంట్లో ఉంది. ఇత్తడిది. మీద ఉర్దూ అక్షరాలు ఉన్నాయి, కొన్ని అరిగిపోయాయి. మొన్న ఒకతను చూసి, అక్షరాలు అరిగాయి కాబట్టి నకలు అన్నాడు. ఇప్పుడు దీని ధర ఎంత ఉండవచ్చు?

పాలమూరు మల్లేశ్
మాస్టారూ, రవి అన్నది కొత్త బెల్టు. మీది పురావస్తువు. వేరే చర్చ పెట్టండి.

స్వర్ణలత (హాలియా)
ఉండనివ్వండి మల్లేశ్ గారూ, అరుగుదల ప్రశ్న రెండింటికీ ఒకటే. మాస్టారూ, ధర నాకు తెలియదు. ఫొటో పెట్టండి, అరుగుదల ఎలా ఉందో చూసి చెబుతాను. అప్పటిదాకా చింతపండుతో కానీ, పాలిష్‌తో కానీ తోమకండి.

జడ్చర్ల కంసాలి
మాది మూడు తరాల బంగారం పని. రవి తమ్ముడూ, కొక్కెం దగ్గర పసుపు అంటున్నావు కదా. గీటురాయి మీద ఒక్క గీత గీసి ఆమ్లం చుక్క వేస్తే, కింద ఇత్తడో రాగో జింకో ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. జడ్చర్ల రా, డబ్బులేమీ వద్దు.

స్వర్ణలత (హాలియా)
అన్నా, మీ పనితనాన్ని తప్పుపట్టడం లేదు. కానీ అది బంగారం కాదు, పూత వేసిన వస్తువు. ఇలాంటి వెండి రంగు బకిళ్ల పైన వేసే పల్లాడియం అనే లోహపు పూత సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద వేసే నికెల్ పూత అయిదు పది మైక్రాన్లు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. గీటురాయి మీద ఒక్క గీతకే అదంతా పోతుంది. పైగా రవి గారు దాన్ని తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. గీత పడిన వస్తువును అమ్మినాయన ఎందుకు తీసుకుంటాడు?

మీ దగ్గర సన్న త్రాసు ఉంటుంది కదా, దానితోనే తేల్చవచ్చు. తర్వాత చెబుతాను.

పానగల్లు రవి
ఫొటోలు పెట్టాను. మా చెల్లెలు టార్చి పట్టుకుంది, నేను తీశాను. గీత వెడల్పు సుమారు 0.2 మిల్లీమీటర్లు. అందులో సగానికి కొంచెం తక్కువ నీడలో ఉంది. అంటే లోతు 0.1 మిల్లీమీటరు లోపే. ఇది తక్కువా, ఎక్కువా?

స్వర్ణలత (హాలియా)
తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఈ పరిమాణం బకిల్‌కు అది మామూలు లోతే. మీ ఫొటోల్లో నేను చూసినవి ఇవి.

రెండో ఫొటోలో పేరు చివరి నుంచి రెండో అక్షరం, అంటే రెండో ఇంగ్లీషు 'ఈ' చూడండి. దాని మీద ఎడమ నుంచి కుడికి దిగే చిన్న గీత ఉంది. ఫ్రెంచి పేరులో అది తప్పనిసరి. నకిలీల్లో తరచు అది చుక్కగా మారుతుంది, లేదా అక్షరానికి అంటుకుపోతుంది. కారణం అచ్చుపోత. కరిగిన లోహం అంత సన్నని చోటును సరిగా నింపదు. నింపినా, పూతకు ముందు మెరుగుపెట్టే చక్రం దాన్ని ముందుగా తినేస్తుంది. మీ దాంట్లో ఆ గీత విడిగా ఉంది, రెండు చివర్లూ తేటగా ఉన్నాయి.

తర్వాత గోడ. పై అంచు దగ్గర వెలుగు, నీడ కత్తితో కోసినట్టు విడిపోతున్నాయి. పోతలో వచ్చిన అక్షరానికి ఆ అంచు గుండ్రంగా ఉంటుంది, వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. ఇంకో సంగతి. అక్షరాలు చెక్కిన తర్వాత చక్రం మీద మెరుగుపెడితే, ప్రతి అక్షరానికీ ఒకే వైపు తోక లాగినట్టు జాడ మిగులుతుంది. మీ దాంట్లో ఆ తోకలు లేవు. అంటే ముందు మెరుగు, ఆ తర్వాత చెక్కడం, చివర పూత. పని తెలిసినవాళ్లు ఆ వరుసలోనే చేస్తారు.

అడుగు కూడా గోడలాగే వెండి రంగులోనే ఉంది. కాబట్టి చెక్కిన తర్వాతే పూత పడింది. పూత వేశాక చెక్కి ఉంటే అడుగున పసుపు కనబడేది.

పాలమూరు మల్లేశ్
మేడమ్, ఒక సందేహం. పూత మందంగా వేస్తే అక్షరాలు పూడిపోవా? అందుకే లోతు తక్కువగా కనిపిస్తోందేమో. మా ఊళ్లో ఒక దుకాణదారు, 'పూత ఎక్కువై అక్షరాలు మొద్దుబారాయి' అని చెప్పి ఒక బకిల్ అమ్మడం నేను స్వయంగా చూశాను.

స్వర్ణలత (హాలియా)
ఆ మాట మా కస్టమర్లు కూడా అంటారు. లెక్క వేయండి. అక్షరం లోతు 0.1 మిల్లీమీటరు, అంటే 100 మైక్రాన్లు. పూత అంతా కలిపినా పది పదిహేను మైక్రాన్లు. పైగా అడుగునా, పైనా రెండు చోట్లా పడుతుంది కాబట్టి లోతు దాదాపు మారదు. పూత వేసే మా తొట్టెలో విద్యుత్తు మూలలకూ అంచులకూ ఎక్కువగా వెళ్తుంది, గుంటల్లోకి తక్కువ. గుంటలో పూత పలచనే. కాబట్టి మొద్దుబారిన అక్షరానికి కారణం పూత కాదు. పోతలోనో, పూతకు ముందు మెరుగుపెట్టినప్పుడో మొద్దుబారి ఉంటుంది. ఆ దుకాణదారు మీకు కథ చెప్పాడు.

సూర్యాపేట సెకండ్‌హ్యాండ్
పాత బెల్టులు, బ్యాగులు కొని అమ్ముతాను కాబట్టి కొంచెం చేదుగా మాట్లాడతాను. మేడమ్ చెప్పినవన్నీ నిజమే, కానీ అవి చౌక నకిలీని పట్టుకునే ఉపాయాలు. ఇప్పుడు వచ్చే మంచి నకిలీ ఇత్తడిదే. మంచి యంత్రం మీదే చెక్కుతారు, వరుస కూడా తప్పరు. 18,000కే కొన్నాడంటే నాకు అనుమానం లోహం మీద కాదు, ధర మీద. కొక్కెం దగ్గర పసుపును కూడా మంచి గుర్తుగా చెప్పేస్తారేమో.

స్వర్ణలత (హాలియా)
చెప్పబోతున్నాను. మీకు నచ్చకపోవచ్చు.

పూత పోవడం నకిలీకి గుర్తు కాదు. కొక్కెం రోజూ బెల్టు రంధ్రంలో రాసుకుంటుంది. అక్కడ చెమట, తోలు రంగు, దుమ్ము ఉంటాయి. నల్లగొండ ఎండల్లో బెల్టు కట్టుకున్నవాళ్లకు వేరే చెప్పాలా? ఎంత మంచి పూతైనా ముందు అక్కడే పోతుంది. చూడాల్సింది అది ఎలా పోయిందని, కింద ఏముందని.

రవి గారి ఫొటోలో పసుపు మచ్చ అంచు మెత్తగా కలిసిపోతోంది. వెండి రంగు కొంచెం కొంచెంగా పలచనై పసుపులోకి దిగింది. రాపిడికి అరిగితే అలాగే ఉంటుంది. చౌక బకిళ్లకు వాడే జింకు మిశ్రమపు పోత మీద పూత ఇలా పోదు. పోతలో సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోకి తేమ దిగి పూత కింద బుడగ లేస్తుంది. బుడగ పగిలితే పెచ్చు ఊడుతుంది. పెచ్చు అంచు పదునుగా ఉంటుంది. జింకు మీద నేరుగా నికెల్ వేయలేం కాబట్టి ముందు రాగి వేస్తాం. అందుకని పెచ్చు చుట్టూ సన్నని ఎర్ర గీత, మధ్యలో మసక బూడిద రంగు, కొన్నాళ్లకు తెల్లటి పొడి కనిపిస్తాయి. పాత చౌక బెల్టు ఇంట్లో ఉంటే తీసి చూడండి, ఇదంతా కనిపిస్తుంది.

ఇసుక కాగితంతో కావాలని అరగదీస్తే అదీ దొరుకుతుంది. గీతలన్నీ ఒకే దిశలో ఉంటాయి, తోలు ఎప్పుడూ తగలని చోట్ల కూడా ఉంటాయి. రవి గారూ, బెల్టుకు ఏ రంధ్రం ఎక్కువగా సాగి ఉంది? అరుగుదల ఉన్న వైపే ఆ రంధ్రం అంచు కూడా నలిగి ఉందా?

పానగల్లు రవి
మధ్య రంధ్రం ఒక వైపు కోలగా సాగింది. కొక్కెం అరిగింది కూడా ఆ వైపే. కానీ మేడమ్, కింద ఉన్నది ఇత్తడో, రాగి పూతో ఫొటోలో తేడా తెలుస్తుందా? నా ఫోనులో ఒకసారి పసుపుగా, ఒకసారి నారింజగా వస్తోంది.

స్వర్ణలత (హాలియా)
ఫొటో రంగును నేనూ నమ్మను. బల్బు మారితే రంగు మారుతుంది. అందుకే కంసాలి అన్నను త్రాసు అడిగాను.

గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. బకిల్‌ను తోలు నుంచి విడదీసి, సన్న దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అడుగుకు కానీ, గ్లాసు గోడకు కానీ తగలకూడదు. అప్పుడు త్రాసు చూపించేది బకిల్ పక్కకు నెట్టిన నీటి బరువు. బకిల్ అసలు బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇత్తడికి 8.4 నుంచి 8.7 మధ్య, జింకు పోతకు 6.6, 6.7 దగ్గర, స్టీలుకు 7.8, 7.9 దగ్గర వస్తుంది.

జడ్చర్ల కంసాలి
ఇది మాకు తెలిసిన విద్యే, బంగారానికి కూడా చేస్తాం. తమ్ముడు పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. బకిల్ బరువు 46.20 గ్రాములు. నీటిలో 5.90 చూపించింది. భాగిస్తే 7.83. ఇత్తడి కాదు, జింకూ కాదు, స్టీలు! మేడమ్ ఇత్తడి అంటారేమో అనుకున్నాను. అయస్కాంతం మాత్రం అంటుకోవడం లేదు.

పాలమూరు మల్లేశ్
చూశారా! స్టీలు మీద పసుపు పూత, దాని మీద వెండి పూత. నేను మొదటే అన్నాను.

పానగల్లు రవి
మా నాన్న ఇంకో మాట అంటున్నారు. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువ కదా, మేము సీసాలో తీసుకెళ్లినవి ఆ నీళ్లే. దానివల్ల లెక్క తప్పిందా?

స్వర్ణలత (హాలియా)
నాన్నగారికి నమస్కారం చెప్పండి. నీళ్లు కాదు. లీటరు బోరు నీళ్లలో కరిగి ఉండేది మహా అయితే రెండు మూడు గ్రాములు. దానివల్ల మూడో అంకె కదలవచ్చు కానీ, ఇత్తడి స్టీలుగా మారదు.

నా అనుమానం బుడగ. 'హెచ్' మధ్య సందుల్లో, కొక్కెం మలుపులో గాలి బుడగలు పట్టుకుంటాయి. బుడగ కూడా నీటిని నెడుతుంది కాబట్టి అంకె పెరిగి సాంద్రత తగ్గుతుంది. కొక్కెం గ్లాసు అడుగుకు తగిలినా అదే తప్పు వస్తుంది. నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి, చిన్న కుంచెతో బకిల్‌ను నీటిలోనే తుడిచి మళ్లీ చూడండి. అక్షరాలతో స్టీలు బకిల్ వేరే కంపెనీలూ చేస్తాయి, కానీ స్టీలు అరిగితే పసుపు రాదు. కొలతా కంటికి కనిపించేదీ కలవలేదంటే, ముందు కొలతనే అనుమానించాలి.

జడ్చర్ల కంసాలి
సబ్బు వేసి మళ్లీ చూశాం. కొక్కెం మలుపులో నిజంగానే పెద్ద బుడగ ఉంది. ఇప్పుడు 5.46. మరోసారి చూసినా 5.45, 5.46 మధ్యే. భాగిస్తే 8.46. ఇత్తడే.

సూర్యాపేట సెకండ్‌హ్యాండ్
మంచిది. ఇత్తడి అని తేలింది. నేను మొదట్లోనే అన్నాను, మంచి నకిలీ కూడా ఇత్తడిదే అని. ఇప్పుడు అంచులు చూపించండి.

స్వర్ణలత (హాలియా)
అవును, అంచులే అసలు ఖర్చు ఉన్న చోటు. ఇత్తడి కొనడం కష్టం కాదు, ఆ ఇత్తడి మీద గంట సేపు చేతి పని చేయించడమే కష్టం.

రవి గారూ, ట్యూబులైటు కింద బకిల్ ముందు వైపు పట్టుకుని, లైటు ప్రతిబింబం దాని మీద గీతలా పడేలా చూడండి. మెల్లగా వంచుతూ ఆ గీతను అంచు దాకా నడిపించండి. తలం నిజంగా చదునుగా ఉంటే గీత అంచు దాకా నిటారుగా వెళ్లి అక్కడ టక్కున తెగుతుంది, తర్వాత అంచు వాలు మీద ఇంకో సన్న గీతగా మొదలవుతుంది. చక్రం మీద తొందరగా మెరుగుపెట్టిన వస్తువులో గీత అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల ముందే వంగిపోతుంది. చక్రం మూలలను తినేస్తుంది మరి. ఇది ఫొటో కంటే చేతిలో పట్టుకుని చూస్తేనే బాగా తెలుస్తుంది.

రెండోది, ఎవరూ చూడని లోపలి గోడలు. తోలు దాక్కునే చోట భూతద్దం పెట్టండి. అడ్డదిడ్డంగా ఆకురాయి గీతలు పూత కింద నుంచి కనబడితే అది తొందర పని, మధ్యలో అచ్చు రెండు భాగాలు కలిసిన సన్న గట్టు ఉంటే అది పోత వస్తువే. పూత అటువంటి గీతలను దాచదు, ఇంకా మెరిపించి చూపిస్తుంది.

పానగల్లు రవి
కంసాలి అన్న కంటి అద్దంతో చూశాం. ట్యూబులైటు గీత నాలుగు వైపులా అంచు దాకా నిటారుగానే వెళ్తోంది. కింది ఎడమ మూలలో మాత్రం కొంచెం వంగింది, కానీ అక్కడ దెబ్బ తగిలిన నొక్కు ఉంది. లోపలి గోడల మీద ఒకే దిశలో చాలా సన్నని గీతలు ఉన్నాయి, అన్నీ సమానంగా. గట్టు లేదు.

కానీ ఇంకొకటి కనిపించింది. పేరుకు కొంచెం కింద ఒక చిన్న అక్షరం, దాని పక్కన రెండు అంకెలు ఉన్నాయి. వాటి అడుగు వెండి రంగు కాదు, పసుపు! ఫొటో పెట్టాను.

సూర్యాపేట సెకండ్‌హ్యాండ్
అదీ అసలు సంగతి. పేరు అడుగు వెండి, అంకెల అడుగు పసుపు. పూత అయ్యాక ఎవరో వేరేగా చెక్కారు. ఖాళీ బకిల్ కొని, నమ్మించడానికి అంకెలు వేసి అమ్మేవాళ్లను చూశాను. నేనైతే తీసుకోను.

పాలమూరు మల్లేశ్
మేడమ్ నిన్ననే అన్నారు కదా, పూత తర్వాత చెక్కితే అడుగు పసుపుగా ఉంటుందని. ఆ లెక్కన నకిలీ.

స్వర్ణలత (హాలియా)
మల్లేశ్ గారూ, పూత తర్వాత చెక్కారని మాత్రమే ఆ లెక్క చెబుతుంది. ఎవరు చెక్కారో చెప్పదు.

ఫొటో పెద్దది చేసి చూశాను. అంకెల అడుగున దగ్గర దగ్గరగా సమాంతర గీతలున్నాయి, అంచుల్లో కొంచెం నల్లబడింది. లేజరు పని. గుంటలో పూత సరిగా పడక పసుపు కనిపిస్తోందని అనుకోవచ్చు కానీ, అప్పుడు ఈ నల్లదనం, ఈ గీతలు ఉండవు. ఇక లేజరు ఎవరిదన్నది నేను చెప్పలేను. ఫ్యాక్టరీలోనే తయారీ గుర్తు చివర్లో వేసి ఉండవచ్చు. మొదటి యజమాని వేయించుకుని ఉండవచ్చు. సూర్యాపేట ఆయన అన్నట్టు మోసం కూడా కావచ్చు. ఆ అంకెలను అసలుదనానికి సాక్ష్యంగా లెక్కపెట్టకండి, నకిలీకి సాక్ష్యంగానూ లెక్కపెట్టకండి.

సూర్యాపేట సెకండ్‌హ్యాండ్
మేడమ్, మీరు తనిఖీ చేస్తారు, నేను డబ్బు పెడతాను. అనుమానం ఉన్న గుర్తు ఒక్కటున్నా నాకు వస్తువు అమ్ముడుపోదు. తేడా అదే.

పానగల్లు రవి
అమ్మినాయన బిల్లు పంపాడు. అందులో ఒక తోలు పట్టీ, ఒక బకిల్ విడివిడిగా రాసి ఉన్నాయి. ఇదేమిటి? ఒకే బెల్టును రెండుగా ఎందుకు అమ్ముతారు?

సూర్యాపేట సెకండ్‌హ్యాండ్
ఆ కంపెనీ బకిల్, పట్టీ వేరు వేరుగానే అమ్ముతుంది, కావాల్సినట్టు మార్చుకోవచ్చు. బిల్లులో అలా ఉండటం మామూలే. కానీ ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అసలు పట్టీకి నకిలీ బకిల్, నకిలీ పట్టీకి అసలు బకిల్ తగిలించి ఒకే బిల్లు చూపిస్తారు. బిల్లులో బకిల్ పూత రంగు, కొలత ఏమి రాశారో చూడు. పట్టీ వెడల్పు కూడా కలవాలి.

పానగల్లు రవి
పల్లాడియం పూత అని ఉంది. వెడల్పు 32 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూశాను, పట్టీ 32, బకిల్ సందులో సరిగ్గా పడుతోంది. అంకెల గురించి అడిగితే, 'నేను కొన్నప్పటి నుంచీ ఉన్నాయి, ఎప్పుడూ గమనించలేదు' అంటున్నాడు.

జడ్చర్ల కంసాలి
అబద్ధం చెబుతున్నట్టు లేదు తమ్ముడూ. బెల్టు వెనక వైపు ఎవరు చూసుకుంటారు?

స్వర్ణలత (హాలియా)
ఇప్పటిదాకా తేలింది రవి గారికి ఒక్కసారి చెబుతాను. ఇది ఇత్తడి బకిల్. చదును చేసి, అంచులు దిద్ది, పేరు చెక్కి, ఆ తర్వాత పూత వేశారు. చాలా కాలం నిజంగా కట్టుకున్నారు, అదీ ఇదే పట్టీతో. మెరుగులో తొందర కనిపించడం లేదు. చౌక నకిలీ కాదని నమ్మకంగా చెప్పగలను. ఆ కంపెనీదే అని చెప్పడానికి మాత్రం లోహం చాలదు. అదే కొలత, అదే పూత ఉన్న అసలు బకిల్ పక్కన పెట్టి, రెండింటి పేరు గీతలనూ ఒకే వెలుగులో పోల్చగలిగితే ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. మన దగ్గర అది లేదు.

పాలమూరు మల్లేశ్
అంత చూసినా తేలలేదంటే ఇచ్చేయడమే మేలు. 18,000 అంటే మాటలా?

పానగల్లు రవి
అమ్మినాయనతో మాట్లాడాను. అంకెల ఫొటో చూపించి నా అనుమానం దాచకుండా చెప్పాను. ఉంచుకుంటే 5,000 తగ్గిస్తానన్నాడు, ఇచ్చేస్తే మొత్తం వాపసు ఇస్తానన్నాడు. హైదరాబాద్‌లో మా బావమరిది స్నేహితుడి దగ్గర అదే రంగు బకిల్ ఉందట. శనివారం వెళ్లి పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తాను. తర్వాతే నిర్ణయం.

స్వర్ణలత (హాలియా)
టార్చి రెండింటికీ ఒకే వైపు నుంచి, ఒకే వాలులో పట్టండి. లేకపోతే లోతుల పోలిక పనికిరాదు.

వనపర్తి మాస్టారు
ఆలస్యమైంది, మన్నించండి. తాతగారి బిళ్ళ ఫొటోలు ఇప్పుడు పెట్టగలిగాను. మా అబ్బాయి సాయం చేశాడు.

స్వర్ణలత (హాలియా)
మాస్టారూ, చూశాను. దీనికి పూత లేదు, మొత్తం ఇత్తడి. ఉబ్బెత్తు అక్షరాల తలలు అరిగి గుండ్రంగా మారాయి. అక్షరాల మొదళ్లలో, పాలిష్ గుడ్డ అందని చోట, అంచు ఇంకా పదునుగా ఉంది. అక్కడ తెల్లటి పొడి గట్టిపడి ఉంది, అది ఏళ్ల తరబడి మిగిలిపోయిన పాలిష్. కవాతుకు ముందు రోజూ తోమిన బిళ్ళ ఇలాగే అరుగుతుంది. అరిగిన దాని మీద అచ్చు తీసి కొత్తగా పోతపోస్తే మొదళ్లు కూడా మొద్దుబారేవి, తల మొదలు ఒకేలా మెత్తగా ఉండేవి. మీది అలా లేదు. 'అరిగింది కాబట్టి నకలు' అన్నవాడి మాట పట్టించుకోకండి.

వెనక రెండు కొక్కేల్లో ఒకటి మాత్రం తర్వాత అతికించినట్టుంది, టాంకం రంగు వేరుగా ఉంది. అది మరమ్మత్తే కావచ్చు. ఆ తెల్ల పొడిని మాత్రం గీకి తీయకండి.

వనపర్తి మాస్టారు
ధన్యవాదాలమ్మా. కొక్కెం మా నాన్నగారే జోగులాంబ జాతరకు వెళ్లినప్పుడు అలంపురంలో అతికించారని మా అమ్మ చెబుతోంది. ధర సంగతి ఇక అడగను, అమ్మే ఉద్దేశం ఇప్పుడు లేదు.

సూర్యాపేట సెకండ్‌హ్యాండ్
మాస్టారూ, ఉద్దేశం మారితే ముందు నాకు చెప్పండి. రవీ, శనివారం ఫొటోలు ఇక్కడే పెట్టు. అంకెలు ఆ బకిల్ మీద కూడా ఉండి, అడుగు పసుపుగానే ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. లేకపోతే 5,000 తగ్గింపు కాదు, మొత్తం వాపసు తీసుకో.